దారి మూసేసి డబ్బిస్తామంటే కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చా?

"మా ఇంటికి ఉన్న ఒక్క దారికి అడ్డంగా ముందు స్థలం ఓనర్ గోడ మొదలుపెట్టాడు. అడిగితే 'మీకు ఎంత నష్టమో చెప్పండి, ఇచ్చేస్తా' అంటున్నాడు. పెద్దమనుషులు కూడా డబ్బు తీసుకుని సర్దుకోమంటున్నారు. మాకు డబ్బు వద్దు, దారే కావాలని కోర్టును అడగొచ్చా?"

అడగొచ్చు. ఒక పని ఆపమనో, చేసినదాన్ని తీసేయమనో కోర్టు ఇచ్చే ఆర్డర్నే ఇంజంక్షన్ అంటారు. మా కుటుంబం అదే అడిగింది, దారి తిరిగి తెరుచుకుంది. నేను లాయర్ని కాదు. ఆ కేసులో అఫిడవిట్ దగ్గర్నుంచి వాయిదాల దాకా నేనే చూసుకున్నాను కాబట్టి తెలిసింది చెబుతున్నాను.

మాది వెనక స్థలం. ముందు స్థలంలోంచి ఎనిమిది అడుగుల బాట ఉంది. మా తాతగారు కొన్న రిజిస్టర్డ్ దస్తావేజులో ఆ బాట సంగతి రాసి ఉంది. ముందు స్థలం కొత్తగా కొన్నాయన బాట మొదట్లో గేటు పెట్టి తాళం వేశారు, లోపల గోడకి పునాది తవ్వించడం మొదలుపెట్టారు. మీకు చెప్పినట్టే మాకూ నష్టపరిహారం ఇస్తానన్నారు.

కోర్టు ఇక్కడ చూసేది నష్టం పెద్దదా చిన్నదా అని కాదు, డబ్బుతో అది పూడుతుందా అని. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్, 1963 లోని సెక్షన్ 38 ప్రకారం, అసలు నష్టం ఎంతో లెక్కగట్టే కొలమానం లేకపోయినా, డబ్బు ఇచ్చినా తగిన న్యాయం జరగని పరిస్థితి అయినా శాశ్వత ఇంజంక్షన్ ఇవ్వొచ్చు. కేసు తేలేలోపు తాత్కాలిక ఇంజంక్షన్ అడిగేటప్పుడు మూడు విషయాలు చూపించాలి: పైపైన చూస్తేనే మీకు హక్కు ఉన్నట్టు కనబడాలి, ఆర్డర్ ఇవ్వకపోతే మీకయ్యే ఇబ్బంది ఇస్తే వాళ్లకయ్యే ఇబ్బంది కంటే ఎక్కువ కావాలి, ఆ నష్టం డబ్బుతో తీరనిది కావాలి. ఈ మూడోదాని మీద 1991లో దల్పత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బాగుచేయడం అసాధ్యమైతేనే అని దాని అర్థం కాదు, పరిహారంతో సరిపెట్టలేని నష్టం అయితే చాలు. కాబట్టి "గోడే కదా, తర్వాత కొట్టేయొచ్చు" అని అవతలి లాయరు అంటే కంగారు పడకండి.

మా లాయరుగారు మొదట మమ్మల్నే లెక్క వేయమన్నారు. కూర్చుని వేశాం, ఎక్కడా తెగలేదు. మంచం పట్టిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అంబులెన్స్ గుమ్మం దాకా రాదు. దానికి రేటు ఎంత? ఈ రోజు ఇబ్బందికి డబ్బు తీసుకుంటే రేపటి ఇబ్బంది మాటేమిటి? గోడ ఉన్నంత కాలం ప్రతి రోజూ కొత్త నష్టమే, ప్రతిసారీ కొత్త దావా వేయలేం. పైగా దారికి బదులు పరిహారంతో సరిపెడితే, మేం అమ్మమని చెప్పిన హక్కుని ఆయన బలవంతంగా కొనుక్కున్నట్టే. అఫిడవిట్‌లో "పూడ్చలేని నష్టం" అన్న మాట ఒక్కటీ రాసి వదిలేస్తే జడ్జికి ఏమీ కనబడదు. ఎవరు ఆ దారిలో వెళ్తారు, ఏ బండి ఆగిపోయింది, ఇంట్లో ఎవరికి నడక కష్టం, నీళ్ల ట్యాంకర్ ఎక్కడ నిలబడుతోంది అన్నీ విడివిడిగా రాయాలి. మేం అలాగే రాశాం, వాదనలప్పుడు జడ్జిగారు అడిగిన ప్రశ్నలన్నీ వాటి మీదే.

నోటీసులోనో పెద్దమనుషుల దగ్గర కాగితం మీదో "ఇంత ఇస్తే ఒప్పుకుంటాం" అని ఒక అంకె రాయకండి. ఆ కాగితమే రేపు 'వీళ్లే లెక్క కట్టారు, డబ్బుతో సరిపోతుంది' అనడానికి ఆధారం అవుతుంది. అలాగని పరిహారం పూర్తిగా వదులుకోనక్కర్లేదు. సెక్షన్ 40 కింద ఇంజంక్షన్‌తో పాటు అదనంగా అడగొచ్చు, కానీ దావాలోనే అడగాలి. ఇంజంక్షన్ దావా కొట్టేస్తే అదే విషయం మీద మళ్లీ పరిహారం కోసం విడిగా దావా వేయడానికి ఆ సెక్షనే అడ్డుపడుతుంది.

మా కేసులో అసలు పోరాటం వేరే దారి మీద జరిగింది. కాలవగట్టు మీదుగా నడిచి రావొచ్చు కదా అని అవతలివాళ్లు కౌంటర్ వేశారు. దీనికి జవాబు మీ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని మీద ఆధారపడుతుంది. వేరే గతి లేదన్న కారణంగా, ఈజ్‌మెంట్స్ యాక్ట్ 1882 సెక్షన్ 13 కింద అడుగుతుంటే, కష్టమైనా ఇంకో దారి ఉందని తేలితే కేసు బలహీనపడుతుంది. దస్తావేజులో రాసిచ్చిన బాట అయితే ఇంకో దారి ఉన్నా మీ హక్కు పోదు. 20 ఏళ్లుగా బహిరంగంగా, గొడవ లేకుండా, హక్కుగా వాడిన బాటకి సెక్షన్ 15 ఉంది, దానికీ వేరే దారి ఉండటం అడ్డు కాదు. మేం దస్తావేజునే ముందు పెట్టాం. కాలవగట్టు దారి వేరొకరి అనుమతితో నడిచేది మాత్రమేనని కూడా చూపించాం. మీరూ మీ దస్తావేజుతో పాటు ముందు స్థలం పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీయించండి. అమ్మినవాళ్ల కాగితాల్లోని సరిహద్దుల్లో "బాట" అన్న మాట దొరకడం చాలా మామూలు.

గోడ ఇంకా లేవకముందే వెళ్లడం ఎందుకు మేలో మాకు గేటు విషయంలో అర్థమైంది. కడుతున్న పనిని ఆపమని అడగడం సులువు. అయిపోయినదాన్ని తీసేయమని అడగడం స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 39 కిందికొచ్చే మాండేటరీ ఇంజంక్షన్. దాన్ని కేసు మధ్యలోనే ఇవ్వాలంటే మామూలుకంటే బలమైన ఆధారం కావాలని 1990లో దోరబ్ కావస్జీ వార్డెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొడవ మొదలవ్వకముందు చివరిసారిగా ఉన్న స్థితిని నిలబెట్టడమే దాని ఉద్దేశం. మాకు మొదటి ఆర్డర్‌తో పునాది పని ఆగింది, తాళం మాత్రం అలాగే ఉంది. అప్పుడు స్థలం చూసి కోర్టుకి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 26, రూల్ 9 కింద పిటిషన్ పెట్టాం. బాట మీద పాత బండి జాడలు, మా ఇంటికి వచ్చే పైపు లైను, కొత్త సిమెంటుతో దిగేసిన గేటు స్తంభాలు ఆయన రిపోర్టులో వచ్చాయి. ఆ రిపోర్టు వల్లే, అవతలివాళ్ల వాదన విన్నాక, గేటు తెరిచి ఉంచాలని ఆర్డర్ వచ్చింది.

వాళ్లకి నోటీసు ఇవ్వకుండానే మొదటి ఆర్డర్ తెచ్చుకుంటే, పిటిషన్ కాపీ, కాగితాలు వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఇది అదే కోడ్‌లోని ఆర్డర్ 39, రూల్ 3 షరతు. దీన్ని ఆలస్యం చేస్తే, ఆ ఒక్క కారణంతో ఆర్డర్ రద్దు చేయమని అడుగుతారు. ఆర్డర్ అందాక కూడా పని సాగిస్తే రూల్ 2ఏ కింద పిటిషన్ వేయండి. ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు దాని కింద ఉన్నాయి. తేదీ కనబడేలా ఫొటోలు తీసి ఉంచండి.

కోపంలో మీరే వెళ్లి గోడ పడగొట్టకండి. హక్కు ఉన్నవాడు కూడా అడ్డంకిని తనంతట తాను తొలగించకూడదని ఈజ్‌మెంట్స్ యాక్ట్ సెక్షన్ 36 చెబుతోంది. అలా చేస్తే కోర్టు ముందు మీ ప్రవర్తనే చర్చకొస్తుంది. అలాగని మాటల్లో కాలం గడపొద్దు కూడా. మీ హక్కు 20 ఏళ్ల వాడుక మీద ఆధారపడినదైతే, అడ్డంకి సంగతి తెలిసీ ఏడాది పాటు ఒప్పుకుని ఊరుకుంటే ఆ వాడుక తెగిపోయినట్టు లెక్క. పెద్దమనుషులతో మాట్లాడుతూనే, ముందు మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా రిజిస్ట్రేషన్ ఉన్న స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.