ఈసీ క్లీన్‌గానే ఉంది, మరి ఇంట్లో అద్దెకున్నాయన్ని అడిగారా?

ప్రశ్న: 2024 ఫిబ్రవరిలో తెనాలిలో ఒక ఇల్లు 42 లక్షలకు కొన్నాను. 30 ఏళ్ల ఈసీ తీయిస్తే ఏ గొడవా కనపడలేదు. బ్యాంకు లాయరు సరేనన్నాకే 25 లక్షల లోను వచ్చింది. కొనేటప్పటికే ఇంట్లో ఒకాయన అద్దెకున్నాడు. తర్వాత ఆరు నెలలు అద్దె నాకే ఫోన్‌పే చేశాడు. ఇప్పుడు ఆయన వేసిన దావాలో కోర్టు సమన్లు వచ్చాయి. 2022 ఆగస్టులోనే పాత ఓనరు తనకు 30 లక్షలకు అమ్ముతానని అగ్రిమెంటు రాసి 6 లక్షలు తీసుకున్నాడట. ఇల్లు తనకే రిజిస్టరు చేయాలట. ఏమీ తెలియక కొన్నవాణ్ణి. నా ఇల్లు పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇల్లు పోయిందని ఇప్పుడే అనుకోకండి. అలాగని ఈసీ క్లీన్‌గా ఉందన్న ధైర్యం ఒక్కటీ సరిపోదు.

సేల్ అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఆస్తి చేతులు మారదు. ఓనరు మాట తప్పితే రిజిస్టరు చేయించమని కోర్టుకు వెళ్లే హక్కు మాత్రం వస్తుంది. తర్వాత కొన్నవాళ్ల మీద కూడా ఆ హక్కు నడుస్తుంది. అయితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19(బి) సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. విలువ ఇచ్చి, మంచి నమ్మకంతో డబ్బు చెల్లించి, పాత అగ్రిమెంటు సంగతి తెలియకుండా కొన్నవాడి మీద అది నడవదు. 'తెలియకుండా' అనేది డబ్బు చెల్లించేదాకా ఉండాలి. అడ్వాన్సు ఇచ్చాక సంగతి తెలిసినా మిగతా సొమ్ము కట్టేస్తే ఈ రక్షణ దొరకడం కష్టం. పైగా నాకు తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరే, ఆయన కాదు.

మీ కేసులో చిక్కు ఇక్కడే ఉంది. తెలియకపోవడం అంటే ఎవరూ చెప్పకపోవడం ఒక్కటే కాదు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో ఆయనకున్న హక్కు కొనేవాడికి తెలిసినట్టే లెక్క. అద్దెకున్నవాడి విషయంలోనూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో ఆర్.కె. మహమ్మద్ ఉబైదుల్లా కేసులో చెప్పింది. ఇంట్లో ఉన్న మనిషిని 'మీరు ఏ హక్కుతో ఉన్నారు?' అని అడగకుండా కొంటే, అడిగి ఉంటే తెలిసేదంతా తెలిసినట్టే. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో కనపడదు. బ్యాంకు లాయరు చూసేదీ కాగితాలనే.

ఇలాంటి కేసు ఒకటి నేను నడిపాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు నా క్లయింటును అడిగిన మొదటి ప్రశ్న: "ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు తలుపు తీసిందెవరు?" "అద్దెకున్నాయన." "ఆయనతో ఏం మాట్లాడారు?" "ఏమీ లేదు, ఓనరు ఖాళీ చేయిస్తానన్నాడు." బాధగా ఉన్నా చెప్పాలి, ఆ రెండో జవాబు దగ్గరే మా కేసు బలం సగం పోయింది.

కాబట్టి మీరు ముందు గుర్తు చేసుకోవాల్సింది ఆ రోజు ఏం జరిగిందన్నదే. మీరు గానీ, మధ్యవర్తి గానీ, బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చినాయన గానీ అద్దెకున్నాయనతో మాట్లాడారా? ఎవరైనా అడిగినా ఆయన అగ్రిమెంటు మాట ఎత్తకపోయి ఉంటే మీ వాదన చాలా బలపడుతుంది. ఆ మాట కోర్టులో చెప్పగల సాక్షి కావాలి. ఉన్నదే చెప్పండి, కొత్తగా కల్పించకండి.

మీకు అక్కరకొచ్చేది ఆ ఆరు నెలల ఫోన్‌పే అద్దె. ఇల్లు నాకే అమ్మాలి అంటున్న మనిషి, కొత్త ఓనరుకు నోరెత్తకుండా నెలనెలా అద్దె ఎందుకు కట్టాడు? ఒక్క లీగల్ నోటీసైనా ఎందుకు ఇవ్వలేదు? అగ్రిమెంటు తర్వాత పుట్టించిందేమో, పాత ఓనరూ ఆయనా కలిసి ఆడుతున్నారేమో అనే అనుమానానికి ఇది గట్టి ఆధారం. ఆ చెల్లింపుల స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి తీసి దాచండి. స్టాంపు పేపరు ఎప్పుడు, ఎవరి పేరున కొన్నారో, 6 లక్షలు చెక్కుగా వెళ్లాయా, నగదుగానా అన్నవీ చూడాలి. మిగతా 24 లక్షలు కట్టడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని ఆయన రుజువు చేయాలి. అది చేయలేకపోతే మీ సంగతి దాకా రాకుండానే దావా పోతుంది.

సమన్లతో వచ్చిన దావా కాపీలో దాఖలు చేసిన తేదీ చూడండి. అది మీ రిజిస్ట్రేషన్‌కు ముందుదైతే కథ మారిపోతుంది. దావా నడుస్తుండగా కొన్నవాడికి, ఎంత నిజాయితీపరుడైనా, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద కోర్టు తీర్పే వర్తిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి దావా తర్వాతే వచ్చినట్టుంది, అయినా తేదీ సరిచూసుకోండి.

ఒకవేళ ఓడిపోతే, సాధారణంగా పాత ఓనరుతో పాటు మిమ్మల్ని కూడా అద్దెకున్నాయన పేరున రిజిస్ట్రేషన్‌లో సంతకం పెట్టమంటారు. మీ 42 లక్షలు పాత ఓనరు నుంచి రాబట్టుకోవడానికి మీకు వేరే హక్కు ఉంది. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, కోర్టు గడువిచ్చినా మామూలుగా 90 రోజుల వరకే. సేల్ డీడ్, లోను పత్రాలు, డబ్బు వెళ్లిన స్టేట్‌మెంట్లు తీసుకుని ఈ వారమే లాయరు దగ్గరకు వెళ్లండి. సాక్ష్యం చెప్పే రోజున మీరే బోనెక్కాలి, మీకు తెలియదన్న సంగతి మీ తరఫున ఇంకొకరు చెబితే నిలబడదు.