మెటబాలిక్ పర్యవేక్షణ ఆడిట్: అబ్‌స్ట్రాక్ట్‌లో ఫలితాలు ఎలా రాయాలి?

ప్రశ్న: యాంటీసైకోటిక్ మందులు వాడుతున్నవారికి బరువు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు సరిగా జరుగుతున్నాయా అని ఆడిట్ చేశాను. సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. ఫలితాల భాగంలో ఏం రాయాలో తేలడం లేదు. సాయం చేయగలరా?

జవాబు: నా మొదటి అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి వచ్చింది. "80 శాతం మందికి పర్యవేక్షణ జరిగింది" అని రాశాను. సమీక్షకులు అడిగింది ఒకటే: దేనిలో 80 శాతం?

మేము ప్రమాణంగా తీసుకున్నది 2004లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మరికొన్ని సంఘాలతో కలిసి ఇచ్చిన సిఫారసు. మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్, ఫాస్టింగ్ లిపిడ్లు చూడాలి. బరువు మళ్లీ 4, 8, 12 వారాలకు, బీపీ, షుగర్, లిపిడ్లు 12వ వారంలో చూడాలి.

లెక్క తేలికగా ఉండేందుకు మా అంకెలను గుండ్రంగా మార్చి చెబుతాను. మొత్తం 50 కేస్ షీట్లు. మొదట్లో బరువు 40 మందికి, షుగర్ 30 మందికి, నడుము కొలత 5 మందికి రాసి ఉన్నాయి. నా 80 శాతం బరువు ఒక్కదానిదే. ఐదూ ఉన్న షీట్లు నాలుగే, అంటే 8 శాతం. ఒక్కో పరీక్షకు విడిగా ఒక అంకె, అన్నీ కలిపి మరో అంకె ఇస్తేనే అసలు చిత్రం కనిపిస్తుంది.

12వ వారం లెక్కలో ఇంకో తప్పు చేశాను. పదిమంది అప్పటికే మందు మానేశారు, వారిని తీసివేయలేదు. షుగర్ చూసినవారు 18 మంది. 50లో అయితే 36 శాతం, అర్హులైన 40 మందిలో అయితే 45 శాతం. రెండోదే సరైనది. కానీ పదిమందిని ఎందుకు తీసేశారో పద్ధతుల భాగంలో ఒక్క వాక్యం రాయకపోతే అంకెను అందంగా చూపించారనుకుంటారు. ఇక రక్తం మధ్యాహ్నం తీసి, పరగడుపునో కాదో రాయని షీట్లను "ప్రమాణం పాటించారు" అనే లెక్కలో చేర్చకండి. వాటిని విడిగా చెప్పండి.

చాలామంది వదిలేసేది తర్వాతి మెట్టు. ఆ 18 మందిలో ఆరుగురికి షుగర్ ఎక్కువగా వచ్చింది. దాని గురించి ఏదైనా చేసినట్లు షీట్‌లో ఉన్నది ఇద్దరికే. నా దృష్టిలో అబ్‌స్ట్రాక్ట్ మొత్తంలో ముఖ్యమైన వాక్యం ఇదే, ఎందుకంటే పరీక్ష రాయించి ఫలితం చూడకపోతే రోగికి ఒరిగేది లేదు.

ముగింపులో "అవగాహన పెంచాలి" అని రాయకండి, సమీక్షకులు విసిగిపోయి ఉంటారు. మా దగ్గర నడుము కొలత జరగకపోవడానికి కారణం టేపు తాళం వేసిన సొరుగులో ఉండటం! దాన్ని బరువు యంత్రానికే కట్టాం, షీట్‌లో ఒక గడి చేర్చాం. ఆ మార్పు, దాని బాధ్యత ఎవరిది, మళ్లీ ఆడిట్ ఎప్పుడు అన్నవి రాస్తే చాలు. రెండో విడతలోనూ అర్హుల నిర్వచనం ఇదే ఉంచండి, లేకపోతే రెండు శాతాలను పక్కపక్కన పెట్టడం కుదరదు.