క్లాష్‌లు తగ్గాయి, పైపు మాత్రం ట్రేకి తగిలింది

ప్రశ్న: బిల్డింగ్ సర్వీసుల మోడల్‌లో నాలుగు వేల క్లాష్‌లు, అంటే వస్తువులు ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు, వచ్చాయి. Tolerance 25 మి.మీ.కి పెంచితే మూడు వందలకు దిగాయి. అయినా సైట్‌లో చిల్డ్ వాటర్ పైపు కేబుల్ ట్రేకి తగిలింది. మోడల్ నియమాల్లో ఏం రాయాలి?

జవాబు: క్లాష్‌లు వెతికే నావిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో Hard పరీక్షకు ఇచ్చే Tolerance ఒక మినహాయింపు. రెండు వస్తువులు ఒకదాంట్లోకి ఒకటి అంతకంటే తక్కువ చొచ్చుకుపోతే చూపించదు. Clearance పరీక్షలో అదే అంకెకు అర్థం మారుతుంది. అంతకంటే దగ్గరగా ఉన్నవన్నీ బయటపెడుతుంది.

మీ కొలతలు రాయలేదు కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. ఉత్త పైపుకీ ట్రేకీ మధ్య 40 మి.మీ. ఖాళీ ఉంది. పైపుకు 50 మి.మీ. ఇన్సులేషన్ రావాలి. మోడల్‌లో ఇన్సులేషన్ లేకపోతే క్లాష్ రానే రాదు. ఉన్నా 10 మి.మీ. మాత్రమే చొచ్చుకుంటుంది కనుక, 25 మి.మీ. మినహాయింపు దాన్ని మింగేస్తుంది. సైట్‌లో ఇన్సులేషన్‌ను నొక్కి ఇరికిస్తారు. పలచబడ్డ చోట చెమ్మ పట్టి, నీళ్లు ట్రే మీద కారతాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

అందుకే Hard పరీక్షకు Tolerance 5 మి.మీ. దాటనివ్వకండి. వాల్వ్ తిప్పడానికి, ఫిల్టర్ బయటకు లాగడానికి కావలసిన చోటును మోడల్‌లో ఒక పెట్టెలా గీయించి, దానికి విడిగా పరీక్ష పెట్టండి. మోడల్‌లో ఎంత వివరం ఉండాలో చెప్పే స్థాయి ఎల్‌ఓడీ. ఎల్‌ఓడీ 300లో సైజు, స్థానం సరిగ్గా ఉంటే చాలు. పక్క వస్తువులతో కలిసే చోట్లు, ఆధారాలు కూడా కావాలంటే 350 అడగాలి. కానీ ‘350’ అని అంకె రాసి ఊరుకోకండి. ఇన్సులేషన్, హ్యాంగర్లు, యాక్సెస్ చోటు అని పేరుపేరునా రాయండి. లేకపోతే ప్రతి సంస్థా తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది.

నాలుగు వేలను తగ్గించే దారి వేరే ఉంది. డక్ట్‌లకూ బీమ్‌లకూ, పైపులకూ ట్రేలకూ జంటలుగా పరీక్షలు విడగొట్టండి. ఒకే డక్ట్ పది బీమ్‌లకు తగిలితే దాన్ని ఒకే గ్రూపు చేయండి, ఎందుకంటే జరపాల్సింది ఒక్క డక్టే.

అన్ని విభాగాల ఫైళ్లనూ కలిపిన ఫెడరేటెడ్ మోడల్ సమీక్షకు ముందు అన్ని ఫైళ్లలో ఒకే గ్రిడ్ ఖండన బిందువు ఒకే చోట పడుతోందో లేదో చూడండి. రోజువారీ పనికి అసలు ఫైళ్లకు లింకులు ఉంచే NWF సరిపోతుంది, కానీ సమావేశం నాటి మోడల్‌ను ఆ రోజు ఉన్నదున్నట్టు నిలిపే NWDగా దాచుకోండి. ఒక క్లాష్‌ను అలాగే వదిలేయొచ్చని Approved పెట్టినవారు కారణం కామెంట్‌లో రాయాలన్న నియమం కూడా చేర్చండి.

ఎవరు జరగాలో కూడా ముందే రాసుకోవాలి. 1:100 వాలున్న డ్రైన్ 12 మీటర్లలో 120 మి.మీ. దిగుతుంది, దాన్ని పైకెత్తే వీలుండదు. ట్రేని వంచుకోవచ్చు కాబట్టి అదే దారి ఇవ్వాలి.