టర్మినల్ వాల్యూ నిలబడితేనే మీ వాటా ధర నిలబడుతుంది

ప్రశ్న: తాడిపత్రిలో మా అన్న, నేను కలిసి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ పెట్టాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, నా వాటా 30 శాతం. పదిహేనేళ్లు రాత్రనక పగలనక కష్టపడితే, రెండున్నరేళ్ల కిందట నన్ను డైరెక్టరుగా తీసేశాడు. లెక్కలు చూపించడు, 33 లక్షలు తీసుకుని పొమ్మంటున్నాడు. తెలిసిన సీఏ, ముందు ముందు వచ్చే నగదును నేటి విలువకు తెచ్చే డీసీఎఫ్ పద్ధతిలో లెక్కేసి కంపెనీ విలువ 6 కోట్లన్నారు. బిల్లు లేని అమ్మకాలు కూడా కలిపితే ఇంకా పెరుగుతుందట. కలిపి కేసు వేయమంటారా సార్?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీరు పంపిన షీటు చూశాను. 6 కోట్లలో 4.6 కోట్లు టర్మినల్ వాల్యూ నుంచే వచ్చింది, అంటే అయిదేళ్ల తర్వాత కంపెనీ ఎప్పటికీ సంపాదిస్తూనే ఉంటుందని లెక్కగట్టి నేటి విలువకు తెచ్చిన మొత్తం. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే.

షీటులో ఏటా చేతికి మిగిలే నగదు 36, 38, 40, 42 లక్షలు, అయిదో ఏడు మాత్రం ఒక్కసారిగా 60 లక్షలు. ఎందుకు పెరిగిందంటే, ముందు నాలుగేళ్లు మెషీన్లు మార్చడానికి డబ్బు తీసిన మనిషి అయిదో ఏడు సున్నా వేశారు. కటింగ్ మెషీన్లు, పాలిషింగ్ లైను ఎప్పటికీ అరగవా? మెషీన్లకు తీయాల్సిన 16 లక్షలు తీస్తే మిగిలేది 44 లక్షలే. పైగా ఈ ఆదాయం ఏటా 8 శాతం చొప్పున శాశ్వతంగా పెరుగుతుందని రాశారు. నేటి విలువకు తేవడానికి వాడిన 15 శాతం డిస్కౌంట్ రేటులోంచి 8 తీస్తే 7 శాతం, దానితో భాగిస్తే ఏ చిన్న కంపెనీ అయినా పెద్దగానే కనిపిస్తుంది.

వృద్ధి 4 శాతం పెట్టండి. రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం అదే కాబట్టి, ధరలతో సమానంగా పెరుగుతుందని మాత్రమే మీరు అంటున్నట్టు, దాన్ని కాదనడం అవతలివాళ్లకు కష్టం. అప్పుడు ఆరో ఏడాది నగదు 45.76 లక్షలు, దాన్ని 11 శాతంతో భాగిస్తే 416 లక్షలు. నేటి విలువకు తెస్తే 207 లక్షలు, మొదటి అయిదేళ్లది 132, మొత్తం 339 లక్షలు. ఇందులోంచి బ్యాంకు అప్పు 70 లక్షలు తీయాలి, మీ షీటులో అదీ మర్చిపోయారు. మిగిలిన 269 లక్షల్లో మీ 30 శాతం దాదాపు 81 లక్షలు. 1.8 కోట్లు అనుకున్న మీకు బాధగానే ఉంటుంది, కానీ మీ అన్న అంటున్న 33 లక్షలకు ఇది రెండున్నర రెట్ల దాకా ఉంది, అడ్డు ప్రశ్నలకు తట్టుకుని నిలబడుతుంది కూడా.

ఇంకో సరిచూపు: వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు అయిదో ఏడాది లాభం 74 లక్షలని మీ షీటే చెబుతోంది. 416 దానికి అయిదున్నర రెట్లు. మీ సీఏ వేసిన లెక్కలో టర్మినల్ వాల్యూ నేటి విలువకు తేకముందు 926 లక్షలు, అంటే పన్నెండున్నర రెట్లు. తాడిపత్రిలో నడుస్తున్న పాలిషింగ్ యూనిట్ ఎవరైనా ఆ లెక్కన కొన్నట్టు ఒక్క అమ్మకం పత్రం తేగలరా?

బిల్లు లేని అమ్మకాలు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. మీరు డైరెక్టరుగా సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీట్లు అబద్ధమని మీరే ట్రిబ్యునల్లో రాసిచ్చినట్టవుతుంది. జీఎస్టీ, ఆదాయపు పన్ను తంటా మీ అన్నతో పాటు మీ మెడకూ చుట్టుకుంటుంది, ధర మాత్రం పెరగదు, ఎందుకంటే ఆ అమ్మకాలకు ఆధారం లేదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది గడువు. కంపెనీల చట్టం 433 సెక్షను ప్రకారం కంపెనీ వివాదాలు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకీ, కేసులకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం వర్తిస్తుంది, ఇలాంటి దరఖాస్తుకు మూడేళ్లు. మీకు అన్యాయం ఇంకా జరుగుతూనే ఉందని వాదించొచ్చుగానీ, దాని మీద ఆధారపడి కూర్చోవడం తెలివి కాదు. ఇన్నాళ్లు ఊరుకుని, ఆడిట్ కాగితం ఒక్కటీ దగ్గర పెట్టుకోకపోవడం మీ తప్పే.

ఇప్పుడైనా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వారి ఎంసీఏ పోర్టల్లో కంపెనీ దాఖలు చేసిన వార్షిక లెక్కలు ఫీజు కట్టి తీసుకోండి. సభ్యుడిగా లెక్కలు పంపమని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాసి రసీదు దాచండి. యూనిట్ కరెంటు బిల్లులు మీ దగ్గరుంటే మరీ మంచిది, ఎన్ని చదరపు అడుగులు పాలిష్ చేశారో వాటితో లెక్క సరిచూడొచ్చు. మీ సీఏ రిపోర్టు వాదనకు పనికొస్తుందిగానీ, ఆయన రిజిస్టర్డ్ వాల్యుయర్ కాకపోతే దాని బలం తక్కువ. 10 శాతానికి మించి వాటా ఉంది కాబట్టి వాటాదారులకు జరిగే అన్యాయంపై కేసుకు వీలిచ్చే 241, 242 సెక్షన్ల కింద ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచిలో పిటిషన్ వేసి, స్వతంత్ర రిజిస్టర్డ్ వాల్యుయర్‌ను నియమించమని, ఏ తేదీనాటి విలువ కట్టాలో ముందే తేల్చమని, ఆ ధరకు మీ షేర్లు కొనేలా ఆదేశించమని అడగండి. ఈలోపు అన్న 33 లక్షలు చేతిలో పెట్టి షేర్ల బదిలీ ఫారం మీద సంతకం అడిగితే పెట్టకండి.