స్టీమ్ టేబుల్ ఎంథాల్పీలతో రాంకిన్ సైకిల్ ఎఫిషియెన్సీ ఎలా కట్టాలి?

చెన్నైలో డిప్లొమా చదువుతున్నాను. బాయిలర్ 4 మెగాపాస్కల్, 400 డిగ్రీలు. కండెన్సర్ 10 కిలోపాస్కల్. నాకు 20.8 శాతమే వస్తోంది, జవాబు 35 అని ఉంది. తప్పెక్కడ?

టర్బైన్ దాటిన ఆవిరిని మీరు పూర్తి పొడి ఆవిరిగా లెక్కేశారు, తప్పంతా అక్కడే.

ఆదర్శ టర్బైన్‌లో ఎంట్రోపీ మారదు. లోపలికి వెళ్లేటప్పుడు అది 6.7714. 10 కిలోపాస్కల్ దగ్గర పొడి ఆవిరికి 8.1488 ఉండాలి, అంత లేదు కాబట్టి ఆవిరి కొంత నీరైపోయింది. ముందు పొడి భాగం x, దాంతో టర్బైన్ దాటిన ఆవిరి ఎంథాల్పీ h4 చూడండి:

x = (6.7714 − 0.6492) / 7.4996 = 0.816
h4 = 191.8 + 0.816 × 2392.1 ≈ 2144 kJ/kg

బాయిలర్ వదిలే ఆవిరి h3 = 3214.5. కండెన్సర్ నీరు h1 = 191.8, పంపు పని 4 కలిపితే h2 = 195.8.

η = (3214.5 − 2144 − 4) / (3214.5 − 195.8) ≈ 35.3%

మీరు h4 బదులు టేబుల్లోని hg, అంటే 2583.9 వేశారు. చాలామంది ఇక్కడే జారతారు, ఎందుకంటే ఆ అంకె టేబుల్లో నేరుగా కనిపిస్తుంది, h4 కనిపించదు. 10 కిలోపాస్కల్ అంటే సుమారు 46 డిగ్రీలు. చెన్నై సముద్రపు నీటితో చల్లబరిచే కండెన్సర్‌కు అది సాధ్యమయ్యేదే. అసలు టర్బైన్‌లో నష్టాలుంటాయి, అందుకే నిజంగా వచ్చేది 35 కంటే తక్కువే.