వ్రతకథ ముందు, ఆఫర్ తర్వాత

మాది నగల షాపు. వరలక్ష్మీ వ్రతకథను వరుస పోస్టులుగా పెడుతున్నాం. ఆఫర్ ఎప్పుడు చెప్పాలి?

కథంతా అయ్యాక, నాలుగో పోస్టులో. మొదటిది చారుమతి కల: కుండిన నగరంలో ఆమెకు లక్ష్మీదేవి కలలో కనిపించి, శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం తనను పూజించమంటుంది. రెండోది కలశం, కుడిచేతికి కట్టే తొమ్మిది ముడుల తోరం. మూడోది ప్రదక్షిణలు. పొరపాటు జరిగేది ఇక్కడే. మొదటి ప్రదక్షిణకు కాళ్లకు గజ్జెలు గల్లుమంటాయి, రెండోదానికి చేతులకు కంకణాలు, మూడోదానికి ఒంటినిండా నగలు వస్తాయి. అవన్నీ అమ్మవారు ఇచ్చినవి, ఎవరూ కొన్నవి కావు. అందుకే 'ఆ రోజు బంగారం కొనాలని కథలోనే ఉంది' అని మాత్రం దయచేసి రాయకండి. ఏటా ఆ కథ చదివే అమ్మలు వెంటనే పట్టేస్తారు. నాలుగో పోస్టులో ధర, మేకింగ్ చార్జీ, తేదీలు ఉంటే చాలు.