ఓకేసీ, డెంటిజెరస్ సిస్ట్ బొమ్మలు కలిసిపోతున్నాయా?

"ఓరల్ పాథాలజీ బొమ్మలు, మెటీరియల్స్ పోలికలు చదివేటప్పుడు బాగానే ఉంటాయి. రాసేటప్పుడు అన్నీ కలిసిపోతున్నాయి. రివిజన్ ఎలా చేయాలి?"

తేడా చూపే లేబుల్‌తోనే బొమ్మ మొదలుపెట్టండి. ఓకేసీ, అంటే ఓడొంటోజెనిక్ కెరటోసిస్ట్ గీస్తే, ముందు పై అంచును అలలుగా, ముడతలు పడ్డట్టు గీయండి. అదే పారాకెరటిన్. కింద 6 నుంచి 8 కణాల మందంలో ఎపిథీలియం, అడుగున కంచె కర్రల్లా నిలబడ్డ ముదురు ఊదా బేసల్ కణాలు. ఎపిథీలియం కింది గీత చదునుగా ఉండాలి. అలవాటుకొద్దీ రీటీ రిడ్జెస్ గీశారంటే బొమ్మ తప్పినట్టే. గోడలో చిన్న డాటర్ సిస్ట్ ఒకటి పెట్టండి, తీసేశాక సిస్ట్ మళ్లీ ఎందుకు వస్తుందో రాయడానికి అదే ఆధారం.

డెంటిజెరస్ సిస్ట్‌లో పొర 2 నుంచి 4 కణాలే, సాధారణంగా కెరటిన్ ఉండదు. ఇన్‌ఫెక్షన్ ఉంటే మాత్రం పొర మందమై రిడ్జెస్ వస్తాయి. సిస్ట్ గోడ, బయటికి రాని పంటి మెడ దగ్గర అతుక్కుంటుంది.

మెటీరియల్స్ చార్టులో 'ఎందుకు' అనే గడి తప్పనిసరి. ఆల్జినేట్ ఇంప్రెషన్‌లో ప్లాస్టర్ వెంటనే పోయాలి. ఎందుకు? ఆగితే ఆల్జినేట్ నీరు కోల్పోయి ముడుచుకుంటుంది. అడిషన్ సిలికాన్ రోజుల తరబడి ఆగుతుంది, ఎందుకంటే సెట్ అయ్యే చర్యలో ఉప ఉత్పత్తి ఏర్పడదు.

నేను నార్కట్‌పల్లి నుంచి నల్గొండ వెళ్లే బస్సులో లేబుల్స్ మీద వేలు పెట్టుకుని చెప్పుకునేదాన్ని. తడబడ్డ భాగాన్నే రాత్రి మళ్లీ గీసేదాన్ని, మొత్తం బొమ్మ కాదు.